ఇది ఏ ముక్క? – 'ప్యెస్' అనే ఫ్రెంచి మాట, నిఘంటువు, ఉదాహరణ వాక్యం



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారికి ఉపన్యాసాలంటే గిట్టేది కాదు. తరగతిలో కూడా పది నిమిషాలకు మించి ఏకధాటిగా మాట్లాడేవారు కాదు. ఒక కాగితం చేతికిచ్చి, పక్కన నిఘంటువు పెట్టి, తను కిటికీ దగ్గర కూర్చుని చుట్ట వెలిగించుకునేవారు. అందుకని ఆయన జ్ఞాపకార్థం ఫ్రెంచి సాహిత్యం మీద పెద్ద ప్రసంగం చేయడం న్యాయం కాదనిపించింది. ఆయన ఒకనాడు నాకిచ్చిన ఒక్క కాగితాన్ని మీ ముందు విప్పి చూపిస్తాను. అందులో నేను తప్పులు చేశాను. ఆ తప్పులే ఈ పూట విషయం.

యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉందని మీకందరికీ తెలుసు. ఆ కాలపు దస్తావేజులు ఫ్రెంచిలో రాసినవి ఇంకా కొన్ని కుటుంబాల దగ్గర ఉన్నాయి. వాటిని తెలుగు చేయించుకోవడానికి మాస్టారి దగ్గరికి వచ్చేవారు. ఆయన నాకిచ్చిన కాగితం అసలు దస్తావేజు కాదు. ఒక మనిషి పోయాక నోటరీ రాసే ఆస్తి జాబితా నమూనాలో ఆయనే కూర్చిన అయిదు వాక్యాలు. నాకు పరీక్ష పెట్టడానికి వాటిలో ఒకే మాటను ఆరుసార్లు వాడారు. ఆ మాట ప్యెస్. ఇంగ్లీషులో 'పీస్' అని మనం వాడేది దాని చుట్టమే, ఫ్రెంచి నుంచి వెళ్లిందే.

ఆ వాక్యాల సారం ఇది. మొదటిదానిలో కొబ్బరిచెట్లున్న 'యూన్ ప్యెస్ ద తెర్' అని ఉంది. రెండోదానిలో ఇంటికి 'త్రువా ప్యెస్ ఎ యూన్ క్విజీన్' ఉన్నాయని. మూడోది, తోట చివర 'యూన్ ప్యెస్ దో' ఉందని. నాలుగోదానిలో 'వాఁ ప్యెస్ ద త్వాల్ ఆ సి రూపీ ప్యెస్', మొత్తం నూట ఇరవై రూపాయలు అని. అక్కడ మాట రెండుసార్లు వచ్చింది. అయిదోది, 'లె ప్యెస్ సి-జ్వాఁత్' వారసుడికి అందాయని.

నేను రాసుకొచ్చిన తెలుగు ఇలా ఉంది: ఒక భూమి ముక్క; మూడు పడకగదులూ వంటగదీ; తోట చివర ఒక స్నానాలగది; ఇరవై గుడ్డ ముక్కలు, ఆరు రూపాయి నాణేలకు; జతపరచిన కాగితాలు. మాస్టారు చదివి, చుట్ట పక్కన పెట్టి, "ఏమయ్యా, ఇరవై పేలికల కోసం నోటరీని పిలిపించారా?" అన్నారు. ఆరింటిలో రెండే ఒప్పు. మొదటిది, చివరిది. ఆ రెండూ కూడా ఎందుకు ఒప్పయ్యాయో నాకు అప్పుడు తెలియదు.

నేను చేసిన పని ఏమిటంటే, నిఘంటువులో ప్యెస్ తెరిచి, అర్థాల వరసను మెనూ కార్డు చదివినట్టు చదివాను. భాగం, గది, నాణెం, పత్రం, నాటకం, అతుకు. వాక్యానికి ఏది సరిపోతుందనిపిస్తే దాన్ని ఏరుకున్నాను. 'ఓ' అంటే నీళ్లు, ప్యెస్ అంటే గది, నీళ్లగది అంటే స్నానాలగది. లెక్క కుదిరింది. కుదరడమే చిక్కు. అర్థాల పట్టిక చేతిలో ఉంటే బుర్ర ఏదో ఒక కథ అల్లేస్తుంది, ఆ కథకు వాక్యాన్ని ఒప్పించేస్తుంది.

మాస్టారు ఆ రోజు నేర్పింది ఒక్కటే. ముందు అర్థం చూడకు, మాట ఎవరితో కలిసి వచ్చిందో చూడు. అదే పొందిక ఉన్న ఉదాహరణను నిఘంటువులో వెతుకు. ఉదాహరణ దొరికాక, అది ఏ అర్థం కింద ఉందో అప్పుడు పైకి వెళ్లి చదువు. అంటే కింద నుంచి పైకి. చెప్పడానికి చిన్న విషయమే. చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఇది మనకు కొత్త కాదని చూపడానికి ఆయన తెలుగులోకి దిగేవారు. మన 'ముక్క' ఉంది చూడండి. పేకాటలో కూర్చున్నవాడు 'ముక్క పడలేదు' అంటే ఎవరూ రొట్టె ముక్క అనుకోరు. 'ముక్క లేనిదే ముద్ద దిగదు' అన్నవాడి విస్తట్లో మాంసం వడ్డిస్తారు. 'ఒక్క ముక్క చెప్పి వెళ్లు' అంటే మాట. 'ఊరవతల నాలుగు సెంట్ల ముక్క ఉంది' అంటే స్థలం. ఆవకాయ జాడీ దగ్గర ముక్క అంటే మామిడిది. వీటిలో ఎక్కడా మనం అర్థాల పట్టిక తిరగెయ్యం. పేక ముక్క, మాంసం ముక్క, మాట ముక్క, నేల ముక్క, మామిడి ముక్క అని మొదట పూర్తిగా అనేవారు. అందరికీ తెలిసిన చోట ముందున్న మాట రాలిపోయింది. ముక్క ఒక్కటే మిగిలి ఆ బరువంతా మోస్తోంది.

ప్యెస్ కథా అచ్చంగా ఇదే, దిక్కు మాత్రం తిరగబడింది. ఫ్రెంచిలో వివరించే మాట వెనక వస్తుంది కాబట్టి అక్కడ రాలిపోయేది తోక. ప్యెస్ ద మొనె అంటే నాణెం. ప్యెస్ ద తెయాత్ర్ అంటే నాటకం. ప్యెస్ దార్తియెరీ అంటే ఫిరంగి. తోక తెగితే మూడూ ఉత్త ప్యెస్. దుకాణదారు నోట ప్యెస్ నాణెం, రంగస్థలం మీద నాటకం, యుద్ధవార్తలో ఫిరంగి. ఫ్రెంచి నిఘంటువులు ఈ తోక తెగిన వాడుకను పేరు పెట్టి మరీ చూపిస్తాయి. 'ఆబ్సోల్యుమాఁ' అని ఒక గుర్తు ఉంటుంది, దాన్ని కుదించి రాస్తారు. 'ఒంటరిగా, వెనక ఏమీ లేకుండా' అని దాని భావం. తెలియనివాళ్లు దాన్ని ఇంగ్లీషు 'అబ్సొల్యూట్లీ' అనుకుని దాటేస్తారు. నేనూ చాలాకాలం దాటేశాను. నిజానికి అర్థాలు ఎక్కువున్న మాటల దగ్గర ఆ పేజీ మొత్తంలో పనికొచ్చే గుర్తు అదే. ఈ అర్థం రావాలంటే తోక అక్కర్లేదు, కానీ తోకను చెప్పకనే చెప్పే సందర్భం కావాలి అని అది హెచ్చరిస్తుంది.

ఇప్పుడు నా తప్పుల దగ్గరికి వద్దాం. మొదట తోటలోని స్నానాలగది.

ప్యెస్ అన్న మాటకు గది అన్న అర్థం ఉంది, సందేహం లేదు. కానీ పెతి రోబెర్ లాంటి ఏ మంచి ఫ్రెంచి నిఘంటువులోనైనా ఆ అర్థం కింద ఇచ్చే ఉదాహరణలను వరసగా చదవండి. చీకటి ప్యెస్, విశాలమైన ప్యెస్, ఇంటిలోని ప్యెస్‌లు, ప్రధాన ప్యెస్. విశేషణాలుంటాయి, 'ఇంటిలోని' అన్న సంబంధం ఉంటుంది. 'ఫలానా పనికి వాడే గది' అని చెప్పడానికి మాత్రం ప్యెస్ వెనక ఒక నామవాచకాన్ని తగిలించడం సాధారణంగా కనబడదు. ఆ పనికి ఫ్రెంచిలో వేరే మాట ఉంది, సాల్. స్నానానికి సాల్ ద బాఁ, భోజనానికి సాల్ ఆ మాఁజే. జల్లుస్నానపు గదికి సాల్ దో అన్న మాట కూడా ఉంది. నేను అర్థాన్ని కాదు, ఉదాహరణలను చదివి ఉంటే, గది అన్న అర్థంలో వాక్యం 'ప్యెస్ దో' అని ఉండదని అక్కడే అనుమానం వచ్చేది. ఒకటి ఉండాల్సిన చోట లేకపోవడం కూడా సాక్ష్యమే.

అనుమానం వచ్చాక చేయాల్సిన పని, అదే నిఘంటువులో ఆ రెండు మాటల జంట కోసం వెతకడం. ప్యెస్ దో అక్కడే ఉంటుంది. తోటల్లో తవ్వించే కొలను అని రాసి ఉంటుంది. వేర్సాయ్ కోట దగ్గర స్విస్ సైనికులచేత తవ్వించిన పెద్ద కొలను ఉంది, దాని పేరే 'ప్యెస్ దో దె స్విస్'. స్విస్‌వాళ్ల స్నానాలగది కాదది! మాస్టారి వాక్యంలో 'తోట చివర' అన్న ముక్క ఉంది. ఇంటి గదుల లెక్క అంతకు ముందు వాక్యంలోనే అయిపోయింది. రెండు ఆనవాళ్లూ కళ్లముందే ఉన్నాయి, నేను చూడలేదు.

ఇక్కడ కొందరికి ఒక ప్రశ్న వస్తుంది. ఏది విడి మాటల కలయిక, ఏది గడ్డకట్టిన జంట, ఎలా తెలుస్తుంది అని. మాస్టారు ఒక మొరటు పరీక్ష చెప్పేవారు. మధ్యలో ఒక విశేషణం దూర్చి చూడు, ఏకవచనాన్ని బహువచనం చేసి చూడు. ఒప్పుకుంటే విడి మాటలు, ఒప్పుకోకపోతే గడ్డకట్టినవి. ఉదాహరణకు ఫ్రెంచిలో ఒక వార్త 'ద తూత్ ప్యెస్' కల్పించింది అంటారు. మొదటినుంచి చివరిదాకా అల్లిన అబద్ధం అని. అక్కడ ఎప్పుడూ బహువచనమే. ప్యెస్‌కు ఏ అర్థమా అని విడిగా వెతికితే దొరకదు. నిలువెల్లా కవచం తొడుక్కున్న యోధుణ్ణి, అన్ని ప్యెస్‌లతో ఆయుధధారి అయినవాడు అనేవారు. 'అన్ని భాగాలతో' అన్న ఆ పలుకుబడి కవచం వదిలేసి అబద్ధాన్ని పట్టుకుంది. ఇలాంటివాటికి నిఘంటువులో అర్థాల మధ్యనో చివరనో వేరే చోటు ఉంటుంది. అందుకని మొదట అక్కడ చూసి, లేకపోతేనే అర్థాల్లోకి వెళ్లడం సమయం కలిసొచ్చే పని.

రెండో తప్పు చిన్నది, కానీ దస్తావేజులో ఇలాంటిది దావా దాకా పోతుంది. 'త్రువా ప్యెస్'ను మూడు గదులు అనుకోవడం సరే. పడకగదులు అని రాయడమే తప్పు. పడకగదికి ఫ్రెంచి మాట షాంబ్ర్. ప్యెస్ అన్నది అన్ని గదులకూ కలిపి వాడే పెద్ద మాట. ఫ్రాన్సులో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు 'త్రువా ప్యెస్' అంటే హాలు, రెండు పడకగదులు అని మామూలు లెక్క. వంటగది, స్నానాలగది, నడవా ఈ లెక్కలోకి రావు. ఈ సంగతి అర్థవివరణలో దొరకకపోవచ్చు, ఉదాహరణలో దొరుకుతుంది. 'దె ప్యెస్ క్విజీన్' అనే వాడుక చూడండి, రెండు గదులూ వంటగదీ అని. వంటగదిని ప్రత్యేకంగా చెబుతున్నారంటే అది లెక్కలో లేదనే కదా. మాస్టారి వాక్యంలో కూడా 'ఎ యూన్ క్విజీన్' అని విడిగానే ఉంది. అర్థం సరిగ్గా పట్టుకున్నా, ఆ అర్థం కొలిచే పరిధి పట్టుకోలేదు నేను.

ఇక నాలుగో వాక్యం. నాకు ఇష్టమైనది ఇదే, ఎందుకంటే దీనికి జవాబు లెక్కల్లో ఉంది.

'వాఁ ప్యెస్ ద త్వాల్ ఆ సి రూపీ ప్యెస్.' ఇరవై, వస్త్రం, ఆరు రూపాయలు, మధ్యలోనూ చివరా ప్యెస్. మొదటి ప్యెస్‌ను నేను ముక్క అన్నాను. ఇక్కడే మన ముక్కకూ ఫ్రెంచి ప్యెస్‌కూ దారులు వేరవుతాయి. మన ముక్కలో విరగడం ఉంది, తెగడం ఉంది. ప్యెస్‌లో అది ఉండాల్సిన అవసరం లేదు. పెద్ద ఫ్రెంచి నిఘంటువులు ఈ మాటను రెండు ప్రవాహాలుగా చూపిస్తాయి. ఒకటి, పెద్దదాని నుంచి వచ్చిన భాగం. రెండు, లెక్కపెట్టడానికి వీలైన ఒక పూర్తి వస్తువు. చదరంగం ప్యెస్ విరిగిన ముక్క కాదు, పూర్తి పావు. మ్యూజియంలోని ప్యెస్ పూర్తి వస్తువు. ప్యెస్ ద వాఁ అంటే ద్రాక్షసారా చుక్క కాదు, పీపా. బుర్గొఞ్ ప్రాంతంలో ఆ పీపా 228 లీటర్లు. అలాగే ప్యెస్ ద త్వాల్ అంటే మగ్గం మీంచి దిగిన పూర్తి నిడివి. దానికి మన దగ్గర ఉన్న మాట ముక్క కాదు, తాను. కోరమాండల్ తీరం నుంచి ఐరోపా కంపెనీలు గుడ్డలు కొన్నది తానుల లెక్కనే. ఆ లెక్కలో ముక్కలు అని రాస్తే ఈ నేత వ్యాపారమంతా చింకిపాతల బేరమైపోతుంది.

తాను అని ఎలా తేల్చాలి? ప్యెస్ ద త్వాల్ ఒక్కోసారి నిజంగా గుడ్డ ముక్క కూడా కావచ్చు. చొక్కాకు అతుకు వేసేటప్పుడు వాడితే అది అతుకే. తేల్చేది పక్కనున్న అంకె, ధర. ఎవరూ అతుకులను ఇరవై లెక్కపెట్టి నోటరీచేత రాయించరు. ప్యెస్ ముందు అంకె ఉండి, వెనక సరుకు పేరు ఉంటే, లెక్కపెట్టే వస్తువు అన్న ప్రవాహంలోకి మొదట వెళ్లి చూడాలి. ప్యెస్ ముందు క్రియ కోయడమో చించడమో అయితే భాగం అన్న ప్రవాహంలోకి.

రెండో ప్యెస్ మరీ గమ్మత్తు. నేను దాన్ని రూపాయి నాణెం అన్నాను. నాణెం అయి ఉంటే మాటల వరస మారాలి. నాణెం అన్నప్పుడు ప్యెస్ ముందు, 'ద' తరువాత విలువ వస్తాయి. ఇక్కడ ప్యెస్ ధర వెనక ఉంది, దాని ముందు ఆర్టికల్ లేదు. ఫ్రెంచిలో ఆర్టికల్ లేకుండా నామవాచకం కనబడితే అది పెద్ద గంట మోగినట్టే. నిఘంటువులో 'ధర చెప్పేటప్పుడు ఒక్కోటి' అన్న అర్థం కింద ఇచ్చే ఉదాహరణ చూస్తే, ఇంత ధర ప్యెస్ అనే ఉంటుంది, అంకె, డబ్బు, ఆపైన ఒంటరి ప్యెస్. మాస్టారి వాక్యంతో అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. అంటే 'ఒక్కో తాను ఆరు రూపాయలు'. ఇరవై ఆరులు నూట ఇరవై. మాస్టారు మొత్తం అందుకే రాశారు. ఆరు రూపాయి నాణేలు అని నేను రాసినప్పుడు ఈ నూట ఇరవై ఎక్కడినుంచి వచ్చిందని నేను అడగలేదు. అర్థం ఎంచుకున్నాక వాక్యంలో ఏదైనా మిగిలిపోయిందా అని చూడడం ఆయన పద్ధతిలో చివరి మెట్టు. ఒక్క మాటకైనా, ఒక్క అంకెకైనా పని లేకుండా మిగిలితే ఎంపిక తప్పినట్టే.

ఇంక, నేను ఒప్పు రాసినవి ఎందుకు ఒప్పయ్యాయో చెప్పాలి. 'ప్యెస్ ద తెర్' నేలచెక్క. అదృష్టం కొద్దీ మన ముక్కకీ దానికీ ఆ చోట తేడా లేదు. ఈ పొందిక చాలా పాతది. మధ్యయుగపు లాటిన్ దస్తావేజుల్లోనే నేలచెక్కను 'పేతియా' అన్న మాటతో రాసేవారు. ఆ పేతియా గాల్ ప్రజల భాషలోంచి వచ్చిందని, ప్యెస్‌కు అదే మూలమని భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. అయిదో వాక్యంలో 'సి-జ్వాఁత్' అంటే 'ఇందుతో జతచేసిన'. జతచేసేవి కాగితాలే. కోర్టులో, కచేరీలో, నోటరీ దగ్గర ప్యెస్ అంటే పత్రం. గుర్తింపు పత్రం ప్యెస్ దిదాఁతితే, నేరానికి సాక్ష్యంగా పెట్టే వస్తువు ప్యెస్ ఆ కోఁవిక్స్యోఁ. అక్కడ నన్ను కాపాడింది నా తెలివి కాదు, సి-జ్వాఁత్ అన్న పక్క మాట.

ఇప్పుడు ఆయన పద్ధతి ఎక్కడ పనిచేయదో చెప్పకపోతే మాస్టారు ఒప్పుకోరు. 'ఇల్ మాఁక్ యూన్ ప్యెస్' అన్న చిన్న వాక్యం తీసుకోండి. 'ఒక ప్యెస్ లోపించింది' అని అర్థం. ఏది లోపించింది? వెనక 'ఓ దోస్యే' అని ఉంటే, అంటే ఫైలులో అని ఉంటే, పత్రం. 'ఓ మొతర్' అంటే ఇంజనులో విడిభాగం. చదరంగం బల్ల ముందు అయితే పావు. వాక్యం అక్కడితో ఆగిపోతే ఏ నిఘంటువూ, ఎన్ని ఉదాహరణలూ తేల్చలేవు. అప్పుడు వాక్యం దాటి పేరాలోకి, పేరా దాటి కాగితం శీర్షికలోకి పోవాలి. ఎవరు ఎవరితో ఎక్కడ మాట్లాడుతున్నారో కనుక్కోవాలి. చాలామంది ఇక్కడే ఆశపడి మొదటి అర్థం పెట్టేస్తారు.

ఇంకో గడ్డు సందర్భం, పక్క మాటకు కూడా అనేక అర్థాలుంటే. 'ఇల్ జోఁ మోఁతే ల ప్యెస్ ఆఁ త్రువా సెమెన్.' మూడు వారాల్లో ప్యెస్‌ను మోఁతే చేశారు. మోఁతే అంటే ఎక్కడం, ఎక్కించడం, బిగించడం, నాటకాన్ని రంగస్థలం మీదికి తేవడం. ఇద్దరూ పలుమొహాల వాళ్లే. ఇలాంటప్పుడు నిఘంటువును రెండుసార్లు తెరవాలి. ప్యెస్ పుటలో మోఁతే ఉన్న ఉదాహరణ ఉందా, మోఁతే పుటలో ప్యెస్ కర్మగా ఉన్న ఉదాహరణ ఉందా. రెండు పుటలూ ఒకే అర్థం దగ్గర కలుస్తాయి. నాటకం వేశారు అన్నది చాలా సందర్భాల్లో ఆ కలిసే చోటు. కానీ వాక్యం ఒక కార్ఖానా నివేదికలో ఉంటే, విడిభాగాన్ని బిగించారు అన్నదీ కలుస్తుంది. రెండు మాటలు ఒకదాన్నొకటి ఎంత బిగిస్తాయో, అంతవరకే తేలుతుంది. మిగతాది మళ్లీ సందర్భమే.

ఫ్రెంచి-ఇంగ్లీషు నిఘంటువు ద్వారా తెలుగులోకి దిగేవారికి ఈ చోట ఒక అదనపు గుంట ఉంది. ప్యెస్‌కు ఎదురుగా 'ప్లే' అని ఉంటుంది. ఫ్రెంచిలో అక్కడ నాటకమొక్కటే అర్థం. ఇంగ్లీషు ప్లే మళ్లీ పలుమొహాలది. ఒక కుర్రాడు నాకు చూపించిన అనువాదంలో పారిస్‌లో కొత్త 'ఆట' ఆడుతున్నారని ఉంది. సినిమా ఆట అనుకున్నాడో, కబడ్డీ అనుకున్నాడో అడగలేదు. ఫ్రెంచి తేల్చేసిన సందేహాన్ని ఇంగ్లీషు మళ్లీ లేపింది. అందుకే ద్విభాషా నిఘంటువులో బ్రాకెట్లలో ఇచ్చే చిన్న అక్షరాల సూచన, అంటే 'నాటకరంగంలో', 'ఇంట్లో', 'యంత్రంలో' లాంటిది, అసలు అనువాదం కంటే ముందు చదవాలి. అది అనువాదం కాదు, ఆ అనువాదాన్ని వాడుకోవడానికి పెట్టిన షరతు.

చివరగా, ఏ నిఘంటువు అన్నది కూడా చెప్పాలి. మాస్టారి దగ్గర పెతి రోబెర్ ఉండేది, మొదటిసారి 1967లో వచ్చింది. నేటి ఫ్రెంచికి అది బాగా పనికొస్తుంది. ఎమీల్ లిత్రే కూర్చిన నిఘంటువు 1863 నుంచి 1872 మధ్య వచ్చింది. దానిలో అర్థాల వరస వాడుకలో ఏది ఎక్కువన్న లెక్కన ఉండదు, మూలార్థం నుంచి మొదలై దిగుతుంది. కాబట్టి మొదటి అర్థమే ముఖ్యమనుకుని అక్కడ ఆగితే మునిగినట్టే. ఇప్పుడు కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే పెద్దది త్రెజోర్, 16 సంపుటాలు, 1971 నుంచి 1994 దాకా వచ్చాయి. దాని ఉదాహరణలు ప్రధానంగా 1789 నుంచి 1960 వరకూ ఉన్న గ్రంథాల్లోంచి తీసినవి. అంతకు ముందరి కాగితానికి అది సరిపోదు, ఫ్రెంచి అకాడెమీ నిఘంటువు పాత ముద్రణలు చూడాలి. 1694లో మొదటిది వచ్చింది, 1762లో నాలుగోది.

ఇది పట్టింపు కాదు. 'ఫేర్ ప్యెస్ ఆ' అనే పలుకుబడి ఉంది. నేటి పత్రికలో అది కనబడితే ఒకరికి ఎదురునిలవడం, అడ్డుకోవడం. పదిహేడో శతాబ్దపు హాస్యనాటకంలో కనబడితే ఒకణ్ణి ఏడిపించడం, ఆటపట్టించడం. మాటలు ఒక్క అక్షరం మారలేదు. వాక్యం రాసిన ఏడు మారింది. నేటి నిఘంటువులో పాత అర్థం దగ్గర 'పాతది' అన్న గుర్తు ఉంటుంది. నేటి వాక్యానికి ఆ గుర్తున్న అర్థం పెట్టకూడదు, పాత వాక్యానికి దాన్ని దాటెయ్యకూడదు. అదొక్కటి గుర్తుంటే చాలు.

మరో మాట. అర్థం తేల్చాక, దాన్ని సరిచూసుకోవడానికి ఫ్రెంచి సమానార్థకాన్ని అదే చోట పెట్టి చదవమనేవారు మాస్టారు. సి-జ్వాఁత్ ముందు ప్యెస్ తీసి 'దొక్యుమాఁ' పెట్టు, లింగం మారి అది సి-జ్వాఁ అవుతుంది గానీ వాక్యం నిలుస్తుంది. ప్యెస్ దో లో ప్యెస్ తీసి 'సాల్' పెట్టు, నిలుస్తుంది గానీ కొలను పోయి జల్లుస్నానం వస్తుంది. నిలవడం ఒక్కటే చాలదని, అర్థం మారలేదా అని కూడా చూడాలని అప్పుడు తెలుస్తుంది. ఒక హెచ్చరిక కూడా చేసేవారు. 'ఒక మొత్తంలోని అంశం' లాంటి వివరణ ప్యెస్ ఉన్న ప్రతి వాక్యంలోనూ అతికిపోతుంది. అన్నిచోట్లా అతికేది ఏ చోటనూ తేల్చనట్టే. "అందరికీ సరిపడే చెప్పు ఎవరికీ జోడు కాదయ్యా" అనేవారు.

మాస్టారి ఇంట్లో ఒక రేకు పెట్టె నిండా చీటీలున్నాయి. ప్రతి చీటీ మీద తాను చదివిన ఒక వాక్యం, కింద ముందూ వెనకా ఒక్కో వాక్యం, పక్కన కాగితం తేదీ. అర్థం పెన్సిలుతో రాసేవారు, చెరిపి మళ్లీ రాయడానికి. ప్యెస్ కట్టలో కొన్ని చీటీల దగ్గర అర్థం జాగా ఇప్పటికీ ఖాళీగానే ఉంది. తేలనిదాన్ని ఆయన తేలినట్టు రాయలేదు.

ఈ సభలో యానాం నుంచీ చుట్టుపక్కల నుంచీ వచ్చినవారున్నారు. మీ ఇళ్లలో పాత ఫ్రెంచి దస్తావేజులుంటే, ఎవరిచేతనైనా తెలుగు చేయించే ముందు ఒక పని చేయండి. ప్యెస్ వచ్చిన ప్రతి వాక్యాన్నీ దాని ముందు వాక్యంతో, వెనక వాక్యంతో, తేదీతో సహా ఒక చీటీ మీద ఎత్తి రాసి, ఈ సభ నిర్వాహకులకు ఇవ్వండి. పేర్లు, సర్వే నంబర్లు అక్కర్లేదు. ఆ రేకు పెట్టెలో ఇంకా జాగా ఉంది.